ఆండ్రాయిడ్ 12 ఉన్న నా ఫోన్‌కు రాని గేమ్, ఆండ్రాయిడ్ 10 ఉన్న పాత ఫోన్‌లో ఎలా ఆడుతోంది?

కావలి కుర్రోడు · ఆదివారం, రాత్రి 9:40

అన్నలూ, రెండు రోజులుగా బుర్ర వేడెక్కిపోతోంది. 2021 దీపావళికి కొన్న ఫోన్ నాది. హీలియో పి35 చిప్, 3 జీబీ ర్యామ్, ఇప్పుడు ఆండ్రాయిడ్ 12. ఏడాదిన్నరగా ఒక కార్ల రేసు గేమ్ ఆడుతున్నా. పోయిన వారం తెరిస్తే అప్‌డేట్ చేసుకోమంది. ప్లే స్టోర్‌కు వెళ్తే ఈ మాట:

```
Your device isn't compatible with this version.
```

గేమ్ వాళ్ల పేజీలో ఆండ్రాయిడ్ 9 ఆ పైన అని రాసి ఉంది. నాది 12 కదా! అసలు మంట ఎక్కడంటే, మా పెదనాన్న కొడుకు దగ్గర 2018 ఫోన్ ఉంది. స్నాప్‌డ్రాగన్ 660, 4 జీబీ, ఆండ్రాయిడ్ 10 దగ్గరే ఆగిపోయింది. తెర మీద గీత కూడా ఉంది. వాడికి మాత్రం అప్‌డేట్ వచ్చి హాయిగా ఆడుతున్నాడు. నాకంటే మూడేళ్ల పాత ఫోన్! ఇదేం లెక్క?

ట్రంకురోడ్డు రిపేర్లు · ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, నెల్లూరులో పన్నెండేళ్లుగా షాపు నడుపుతున్నా. ఈ కేసులు వారానికి నాలుగు వస్తాయి. ఇదంతా గూగుల్ పెట్టిన రూలు. ఏటా ఆగస్టులో కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్ మార్చాలని పట్టుబడతారు. 2025 ఆగస్టు 31 నుంచి ఆండ్రాయిడ్ 15 లెక్కన తయారు చేయాలన్నారు. అక్కడే పాత ఫోన్లు ఎగిరిపోతాయి. మీ అన్న ఫోన్‌కు కూడా ఇంకో నెలలో ఇదే గతి, చూస్తుండు.

చీమకుర్తి · ఆదివారం, రాత్రి 10:21

నాకూ ఇలాగే అయింది. క్వారీలో దుమ్ముకు ఛార్జింగ్ పిన్ను పాడై ఫోన్ ఆగి ఆగి నడుస్తా ఉండేది. స్టోరేజీ కూడా నిండిపోయింది. క్యాష్ క్లియర్ చేసి, వాట్సాప్ వీడియోలు తీసేస్తే అన్నీ దిగాయి. ముందు అది చేసి చూడు అబ్బాయ్.

కావలి కుర్రోడు · ఆదివారం, రాత్రి 10:30

బాబాయ్, 11 జీబీ ఖాళీ ఉంది. స్థలం చాలకపోతే ఆ మాటే చెబుతుంది కదా, ఇది కంపాటిబుల్ కాదంటోంది.

సింగరాయకొండ · ఆదివారం, రాత్రి 11:50

రిపేర్లు అన్న చెప్పిన తేదీ కరెక్టే. కానీ ఆ రూలు చేసే పని వేరు. ప్రతి యాప్‌లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి `targetSdkVersion`, రెండోది `minSdkVersion`. గూగుల్ ఏటా పెంచమనేది మొదటిదాన్ని. ఈ యాప్ ఏ ఆండ్రాయిడ్ పద్ధతులకు అలవాటుపడి ఉందో అది చెబుతుంది, అంతే. అది 35 ఉన్నా, రెండోది 23 ఉంటే ఆండ్రాయిడ్ 6 ఫోన్‌లో కూడా ఆ యాప్ దిగుతుంది. పాత ఫోన్లను గేటు బయట నిలబెట్టేది రెండో అంకె. దాన్ని ఎంత పెట్టాలనేది గేమ్ తయారుచేసేవాళ్ల ఇష్టం.

నేను హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో ఆరేళ్లు చేసి ఈ మధ్యే ఊరికొచ్చా. తమ్ముడి విషయంలో ఆండ్రాయిడ్ వెర్షన్ అసలు తగువే కాదనుకుంటున్నా. నాకు వేరే అనుమానం ఉంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే రెండు ఫోన్లకూ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఇది కొట్టి చూడు:

```
adb shell getprop ro.product.cpu.abilist
```

కావలి కుర్రోడు · సోమవారం, సాయంత్రం 6:15

అన్నా, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో చూశా. అన్నయ్య ఫోన్‌లో:

```
arm64-v8a,armeabi-v7a,armeabi
```

నా ఫోన్‌లో:

```
armeabi-v7a,armeabi
```

ఒక ముక్క తగ్గింది. ఇంకో సంగతి. నిన్న రాత్రి ఆగలేక ఏదో సైటు నుంచి ఆ గేమ్ ఏపీకే దించా. ఫోన్‌లో App not installed అని మాత్రమే అంది. ఇవాళ ల్యాప్‌టాప్ నుంచి `adb install` కొడితే కారణం చెప్పింది:

```
INSTALL_FAILED_NO_MATCHING_ABIS
```

సింగరాయకొండ · సోమవారం, రాత్రి 8:40

అనుకున్నదే. నీ ఫోన్‌లో చిప్ 64-బిట్‌ది, దాని మీద వేసిన ఆండ్రాయిడ్ మాత్రం 32-బిట్‌ది. ఆ గేమ్ కొత్త వెర్షన్‌లో `arm64-v8a`, అంటే 64-బిట్ కోడు ఒక్కటే పెట్టారు. నీ ఫోన్ అర్థం చేసుకునే 32-బిట్ `armeabi-v7a` ముక్క అందులో లేదు. నీ రెండో ఎర్రర్ చెప్పేది అదే. ప్లే స్టోర్ కారణం చెప్పకుండా కంపాటిబుల్ కాదని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తుంది కాబట్టి అందరూ ఆండ్రాయిడ్ వెర్షన్‌ను తిట్టుకుంటారు.

అన్నయ్య ఫోన్ పాతదే అయినా దాని ఆండ్రాయిడ్ పూర్తి 64-బిట్. అందుకే ఆడుతోంది.

ట్రంకురోడ్డు రిపేర్లు · సోమవారం, రాత్రి 9:02

ఇది నాకు కొత్త. 64-బిట్ చిప్ పెట్టి 32-బిట్ సాఫ్ట్‌వేర్ ఎందుకు వేస్తారు? ఎద్దును కొని దూడ బండి కట్టినట్టు ఉంది.

సింగరాయకొండ · సోమవారం, రాత్రి 9:30

ర్యామ్ కోసం అన్నా. 64-బిట్ ఆండ్రాయిడ్‌లో మెమరీ చిరునామా ఒక్కొక్కటీ రెట్టింపు చోటు తీసుకుంటుంది. పైగా పాత 32-బిట్ యాపులు కూడా నడవాలి కాబట్టి లైబ్రరీలు రెండు జతలు మోయాలి. 2, 3 జీబీల ఫోన్‌లో ఆ బరువు తెలిసిపోతుంది. 32-బిట్ వేస్తే ఫోన్ షాపులో చేతికి తీసుకున్నప్పుడు కాస్త చురుగ్గా కనబడుతుంది. తయారీదారు చూసుకున్నది ఆ రోజు, నువ్వు నడుపుతున్నది నాలుగో ఏడు. తేడా అక్కడే.

గూడూరు గురువు · సోమవారం, రాత్రి 9:48

ఇదంతా ఎందుకు సార్. కొత్త ఫోన్లు అమ్ముకోవడానికి అందరూ కలిసి ఆడే నాటకం. 32-బిట్ కోడు ఇంకొకటి పెడితే వాళ్ల సొమ్మేం పోతుంది? మొన్నటి వరకూ ఉన్నదే కదా.

సింగరాయకొండ · సోమవారం, రాత్రి 11:15

గురువుగారూ, గేమ్ వాళ్లకు ఫోన్ అమ్మకాల్లో వాటా లేదు. ఒక్క ఆటగాడు పోయినా వాళ్లకు నష్టమే. మేము ఇలాంటి నిర్ణయం తీసుకున్న రోజు ఏం చూశామో చెబుతా.

ముందు రూలు. 2019 ఆగస్టు 1 నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే యాపుల్లో 64-బిట్ కోడు తప్పనిసరి అయింది. 32 తీసేయమని ఎవరూ అనలేదు, ఉంచాలని కూడా ఎవరూ అనలేదు. ఉంచితే ప్రతి అప్‌డేట్ రెండుసార్లు తయారు చేయాలి, రెండు రకాల ఫోన్ల మీదా ఆడించి చూడాలి. అది ఖర్చే, కానీ దానికోసం ఎవరూ ఆటగాళ్లను వదులుకోరు.

అసలు దెబ్బ గేమ్ మధ్యలో కూలిపోవడం. 32-బిట్‌లో ఒక యాప్‌కు దొరికే మెమరీ చిరునామాలు మొత్తం కలిపి 4 జీబీకి మించవు, అందులోనూ కొంత సిస్టం తీసుకుంటుంది. కొత్త ట్రాకు, కొత్త కార్ల బొమ్మలు చేర్చిన కొద్దీ ఆ చోటు ముక్కలు ముక్కలై, ఒక పెద్ద బొమ్మ పెట్టడానికి ఒకేచోట జాగా దొరక్క గేమ్ పడిపోతుంది. మన ప్రోగ్రాములో తప్పు లేకపోయినా పడిపోతుంది.

ఇప్పుడు ప్లే స్టోర్ కొలత చూడండి. రోజూ ఆడేవాళ్లలో 1.09 శాతం, అంతకంటే ఎక్కువ మందికి గేమ్ కళ్లముందే కూలిపోతే, ఆ గేమ్‌ను స్టోర్‌లో వెనక్కి నెడతారు. 28 రోజుల సగటు తీస్తారు. ఒక్కో ఫోన్ మోడల్‌కు వేరే గీత, 8 శాతం. అది దాటితే ఆ మోడల్ వాళ్లకు గేమ్ పేజీలోనే హెచ్చరిక చూపించవచ్చు.

లెక్క కోసం అంకెలు ఊహించి చెబుతున్నా, మా స్టూడియోవి కావు. రోజుకు 10 లక్షల మంది ఆడుతున్నారు. అందులో 40 వేల మందివి 32-బిట్ ఫోన్లు, వాళ్లలో 15 శాతం మందికి గేమ్ కూలుతోంది. అంటే 6,000 మంది. మిగతా 9 లక్షల 60 వేల మందిలో 0.6 శాతానికే కూలుతోంది, 5,760 మంది. మొత్తం 11,760. పది లక్షలకు 1.18 శాతం. గీత దాటేశాం. ఆ 40 వేల మందిని వదిలేసిన మరుసటి నెల 0.6కు దిగిపోతాం.

నూటికి నలుగురి ఫోన్లు మిగతా తొంభై ఆరుగురికి గేమ్ కనబడకుండా చేస్తాయన్నమాట. మీటింగులో ఆ కాగితం చూశాక ఎవరూ మారుమాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రోజు మా మేనల్లుడి ఫోన్ గుర్తొచ్చింది, అది కూడా ఆ నలుగురిలోదే.

గూడూరు గురువు · మంగళవారం, ఉదయం 7:10

లెక్క బాగుంది. కానీ ఏడాదిన్నర డబ్బు పెట్టి కార్లు కొన్న కుర్రాడికి ఒక నెల ముందు చెప్పొచ్చు కదా? దానికి ఏ శాతం అడ్డం వచ్చింది?

సింగరాయకొండ · మంగళవారం, ఉదయం 8:00

దానికి నా దగ్గర జవాబు లేదు. మంచి స్టూడియోలు ముందే నోటీసు పెడతాయి, అందరూ పెట్టరు. కుర్రోడా, కార్లు అకౌంటుకు కట్టి ఉంటాయి, ఫోన్‌కు కాదు. గెస్ట్‌గా ఆడుతుంటే మాత్రం పోతాయి. ఈ-మెయిల్‌కు కట్టావో లేదో చూసుకో.

కావలి కుర్రోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

కట్టే ఉన్నా అన్నా, అన్నయ్య ఫోన్‌లో లాగిన్ అయితే అన్నీ ఉన్నాయి. బతికా! పాత వెర్షన్ ఏపీకే వేసుకుని ఆడుకోవచ్చా? లేదా నా ఫోన్‌లో 64-బిట్ కస్టమ్ రామ్ ఎక్కిస్తే?

ట్రంకురోడ్డు రిపేర్లు · మంగళవారం, మధ్యాహ్నం 2:05

పాతది ఇన్‌స్టాల్ అవుతుంది, కానీ ఆన్‌లైన్ గేమ్ కదా, లాగిన్ దగ్గరే అప్‌డేట్ చెయ్యమని ఆపేస్తుంది. ఒంటరిగా ఆడే గేమ్ అయితే నడిచేది. ఆ సైట్ల ఏపీకేలతో జాగ్రత్త, వాటి వల్ల ఫోన్ నిండా ప్రకటనలతో వచ్చినవాళ్లు నా దగ్గర బోలెడు. కస్టమ్ రామ్ జోలికి పోవద్దు తమ్ముడూ. బూట్‌లోడర్ తెరవడానికి పోయి రాయి చేసుకున్న ఫోన్లు షాపులో ఒక డబ్బా నిండా ఉన్నాయి.

సింగరాయకొండ · మంగళవారం, మధ్యాహ్నం 2:40

ఒకవేళ ఎక్కినా 3 జీబీలో 64-బిట్ ఇరుకే. కొన్ని మోడళ్లకు జనం చేసుకున్నారు, అసాధ్యమైతే కాదు. నీ ఫోన్‌కు ఆశ పెట్టుకోకు.

ఒంగోలు టీచరమ్మ · మంగళవారం, రాత్రి 8:30

నమస్తే అండీ. ఇదంతా చదివాక నాకు టెన్షన్ మొదలైంది. మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం. 12 వేలల్లో ఫోన్ కొనాలి. కర్నూలు రోడ్డులో షాపతను రెండు చూపించాడు. మొదటిది సీలు తీయని కొత్త ఫోన్, 2024లో విడుదలైన మోడల్, హీలియో జి85, 4 జీబీ, ఆండ్రాయిడ్ 14. రెండోది వాడిన ఫోన్, 2021 మోడల్, స్నాప్‌డ్రాగన్ 778జి, 6 జీబీ, ఆండ్రాయిడ్ 13 దగ్గర ఆగింది. కొత్తదే ఎక్కువ కాలం వస్తుందని షాపతను అంటున్నాడు. మావాడు పాతదే కావాలని గొడవ. వాడికి గేములు కావాలి, నాకేమో అందులోనే ఫీజు కట్టే బ్యాంకు యాప్ కూడా నడవాలి.

ట్రంకురోడ్డు రిపేర్లు · మంగళవారం, రాత్రి 8:55

కొత్తదే తీసుకోండి మేడం. ఆండ్రాయిడ్ 14 ముందు 13 పాతదే కదా. వారంటీ కూడా ఉంటుంది.

సింగరాయకొండ · మంగళవారం, రాత్రి 10:45

ఇక్కడ నాది వేరే మాట. డబ్బా మీది తేదీ ఫోన్‌ది, చిప్‌ది కాదు. హీలియో జి85 వచ్చింది 2020లో. అందులోని పెద్ద కోర్లు రెండే, ఏ75 రకం, గ్రాఫిక్స్ మాలీ జి52. 778జి వచ్చింది 2021 మేలో. దాంట్లో పెద్ద కోర్లు నాలుగు, ఏ78 రకం. అంటే 2024 డబ్బాలో ఉన్న చిప్పే వయసులో పెద్దది.

కుర్రోడి ఫోన్ కూడా ఇంతే. 2021లో కొన్నాడు, పి35 వచ్చింది 2018లో, అందులోని ఏ53 కోరు డిజైన్‌ను ఆర్మ్ కంపెనీ ప్రకటించింది 2012లో! కొన్న రోజే దానికి తొమ్మిదేళ్లు.

ఆండ్రాయిడ్ వెర్షన్ వల్ల గేములు పోవడానికి చాలా కాలం పడుతుంది. చాలా మొబైల్ గేములు యూనిటీ ఇంజన్ మీద తయారవుతాయి. 2024 అక్టోబరులో వచ్చిన యూనిటీ 6 అడిగే కనీసం ఆండ్రాయిడ్ 6, అది 2015ది. తొమ్మిదేళ్ల వెసులుబాటు. స్టూడియోలు దానికంటే పైన గీస్తాయి, ఈ రేసు గేమ్ 9 అడిగినట్టు. అయినా 13 ఉన్న ఫోన్‌కు ఆ గీత చేరడానికి ఏళ్లు పడుతుంది. ముందు దెబ్బ తగిలేది ర్యామ్ దగ్గర, గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర.

డ్రైవర్ అంటే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. దాని సంగతి ఎందుకంటే, ఆండ్రాయిడ్‌లో అది దాదాపు అన్ని ఫోన్లలోనూ సిస్టం అప్‌డేట్‌తోనే వస్తుంది. కంపెనీ అప్‌డేట్ ఆపిన రోజు ఆ డ్రైవర్‌లో ఏ బొక్క ఉందో ఆ బొక్క అలాగే ఉండిపోతుంది. వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతి 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చింది. 2025 మార్చిలో గూగుల్ దాన్నే ఆండ్రాయిడ్ అధికారిక గ్రాఫిక్స్ పద్ధతిగా ప్రకటించింది. వల్కన్ సరిగా నడవని పాత చిప్‌లకు తర్వాతి గండం అదే అనుకుంటున్నా. మీ రెండు ఫోన్లకూ వల్కన్ ఉంది, 778జిలో బలంగా ఉంది.

కాబట్టి గేముల వరకు మీవాడిదే కరెక్టు, రెండోదే ఎక్కువ ఏళ్లు లాగుతుంది. బ్యాంకు యాప్ వరకు రిపేర్లు అన్నది కరెక్టు, ఎందుకంటే అక్కడ భద్రతా అప్‌డేట్లు కావాలి. కొనేముందు షాపతని ముందే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. ల్యాప్‌టాప్ ఉంటే:

```
adb shell getprop ro.build.version.security_patch
```

ఆ పక్కనే `abilist` కూడా కొట్టించండి. `arm64-v8a` కనబడకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

గూడూరు గురువు · మంగళవారం, రాత్రి 11:20

నాకో సందేహం. నాది ఐఫోన్ ఎక్స్‌ఆర్. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 26 దీనికి ఇవ్వలేదు. నేనూ ఇక ఆ నూటికి నలుగురిలో చేరినట్టేనా?

సింగరాయకొండ · బుధవారం, ఉదయం 7:45

ఇప్పుడే కాదు గురువుగారూ. మీ ఏ12 చిప్‌లో ఇంకా దమ్ముంది, ఐఓఎస్ 18ను గేములు వెంటనే వదిలిపెట్టవు. కానీ ఆపిల్ వైపు గీత మనకంటే వేగంగా జరుగుతుంది. అక్కడ జనం త్వరగా అప్‌డేట్ చేసుకుంటారు కాబట్టి, పాత వెర్షన్ మీద మిగిలేవాళ్లు తొందరగా కొద్దిమందైపోతారు. 2017లో ఐఓఎస్ 11 రాగానే 32-బిట్ యాపులన్నీ ఒక్కరోజులో మూగబోయాయి. మన కుర్రోడికి జరిగిందానికి అది తిరగేసిన కథ. అక్కడ ఫోన్ కొత్తది, గేము పాతది.

ఒంగోలు టీచరమ్మ · బుధవారం, రాత్రి 9:15

షాపుకు వెళ్లొచ్చాం. వాడిన ఫోన్ ప్యాచ్ తేదీ 2024 జూన్ అని ఉంది. `arm64-v8a` ఉంది. మా వాడు గంతేశాడు. నేను మాత్రం బ్యాంకు యాప్ నా ఫోన్‌లోనే ఉంచుకుంటానని, వాడు అడిగిన ఫోనే తీసుకున్నాను. వెయ్యి తగ్గించాడు. బ్యాటరీ కొంచెం అనుమానంగా ఉంది.

ట్రంకురోడ్డు రిపేర్లు · బుధవారం, రాత్రి 9:40

బ్యాటరీ మార్చుకోవచ్చు మేడం, చిప్ మార్చలేం కదా. కానీ నా మాట మీద నేను ఉన్నా. ప్యాచ్ ఆగిపోయిన ఫోన్‌కు రెండేళ్లకు మించి లెక్కేయను.

సింగరాయకొండ · బుధవారం, రాత్రి 9:52

నేను గేములకు నాలుగంటా. 2028లో ఇదే పేజీలో తేల్చుకుందాం అన్నా.

కావలి కుర్రోడు · బుధవారం, రాత్రి 10:30

నా ఫోన్ అమ్మకిచ్చేశా. ఆమెకు కావలసింది వాట్సాప్, భజనలు. అన్నయ్య ఫోన్‌ను రోజూ రాత్రి గంటసేపు అద్దెకు తీసుకుంటున్నా, గంటకు ఒక మసాలా దోశ. ఈ లెక్కన మూడు నెలల్లో కొత్త ఫోన్ ఖరీదు అయ్యేలా ఉంది.

చీమకుర్తి · గురువారం, ఉదయం 6:10

అన్నీ చదివాను. ఆ కమాండ్ మా అబ్బాయి చేత నా ఫోన్‌లో కొట్టించా. `arm64-v8a` అని వచ్చింది. మరి నా ఛార్జింగ్ పిన్ను సంగతి ఎవరన్నా చెబుతారా?